వేదిక మీద చదివే వక్త పరిచయాన్ని సరిచేయడం ఎలా

సభ ఆహ్వాన పత్రిక రేపు ప్రెస్సుకు వెళ్లాలనగా ఈ రాత్రి వక్త దగ్గర నుంచి వాట్సాప్‌లో ఒక పేరా వస్తుంది. పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుణ్ణి కావడం వల్ల విజయవాడలో మా మిత్రులు నడిపే నెలవారీ ఉపన్యాసాలకు అటువంటి పేరాలను సరిచేసే పని నా మీద పడింది. ఆ పేరా కరపత్రంలో అచ్చవుతుంది, వేదిక మీద వ్యాఖ్యాత దాన్నే పైకి చదువుతారు. కాబట్టి కంటికీ చెవికీ కూడా అది సరిగ్గా ఉండాలి. నిడివి 70 నుంచి 90 మాటల లోపు ఉంచండి. నిదానంగా చదివినా దాదాపు ఒక నిమిషంలో అది పూర్తవుతుంది.

ఈ పనిని ఒక్క ఉదాహరణతో మొదటి నుంచి చివరి దాకా చూపిస్తాను. తెనాలిలో ఉండే ఒక వ్యవసాయ శాస్త్రవేత్త తన పరిచయంగా పంపిన పేరా ఇది. ఆమె అనుమతితో, పేరు తీసి, యథాతథంగా ఇస్తున్నాను.

"ప్రముఖ వ్యవసాయ శాస్త్రవేత్త, రైతు బాంధవురాలు శ్రీమతి డాక్టర్ (పేరు) గారు బాపట్ల వ్యవసాయ కళాశాలలో బి.ఎస్సీ. మరియు ఎం.ఎస్సీ. మరియు పీహెచ్.డి. పూర్తిచేసి, ఉద్యోగంలో చేరి గత ముప్ఫై ఏళ్లుగా మిరప, పత్తి, తెగుళ్లు, పురుగుల నివారణ, రైతు శిక్షణ, ప్రసంగాలు మొదలైన రంగాల్లో విశేష కృషి చేశారు. గుంటూరు, పల్నాడు, బాపట్ల మరియు ప్రకాశం జిల్లాల రైతులకు నల్ల తామర పురుగుపై అవగాహన కల్పిస్తారు. నేను రాసిన అనేక వ్యాసాలు ప్రముఖ పత్రికల్లో వస్తున్నాయి. రెండు పుస్తకాలు రచిస్తున్నారు. పలు పురస్కారాలు అందుకున్న ఆమె సేవలు చిరస్మరణీయం."

ఆమె జీవితంలో చెప్పుకోదగ్గ పని చాలానే ఉంది. ఈ పేరా విన్నవారికి మాత్రం ఆమె ఏం చేశారో ఒక్కటి కూడా స్పష్టంగా తెలియదు. ఇటువంటి పేరా చేతికి వచ్చినప్పుడు వెంటనే వాక్యాలు దిద్దడం మొదలుపెట్టకండి.

మొదటి పని: ఫోను చేసి సంవత్సరాలు అడగండి

పేరాలోని ప్రతి క్రియ కింద గీత గీసి, ఆ పని ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, ఇప్పుడూ జరుగుతోందా అని పక్కన మూడు ప్రశ్నలు రాసుకోండి. ఆ తర్వాత వక్తకు ఫోను చేయండి. వాట్సాప్‌లో అడిగితే "అవును", "కాదు" అనే జవాబులే వస్తాయి. మాట్లాడితే మాత్రం అసలు సంగతి మాటల మధ్యలో బయటపడుతుంది. నేను ఫోను చేసినప్పుడు తెలిసిన విషయాలు ఇవి. ఆమె 1993లో ఎం.ఎస్సీ. తర్వాత ఉద్యోగంలో చేరారు. ఉద్యోగం చేస్తూనే పరిశోధన సాగించి 2004లో పీహెచ్.డి. పొందారు. 2023లో పదవీ విరమణ చేశారు. బాపట్లలో చదివింది బి.ఎస్సీ. మాత్రమే, మిగిలిన రెండు పట్టాలూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ కళాశాలవి. "గత ముప్ఫై ఏళ్లుగా" అన్న మాట ఎక్కడిదని అడిగితే, అది 2023లో తన పదవీ విరమణ సభ కోసం సహోద్యోగులు రాసిన పేరా అని, అప్పటినుంచి అదే అందరికీ పంపుతున్నానని ఆమె చెప్పారు.

పరిచయాల్లో కాలం తప్పడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. రాసిన రోజున నిజమైన వాక్యమే రెండేళ్లకు అబద్ధమైపోతుంది. "గత", "ఇటీవల", "ఈ ఏడాది", "ఇప్పటికే" అనే మాటలు రాసిన తేదీకి కట్టుబడి ఉంటాయి, ఆ తేదీ ఎప్పుడో వినేవారికి తెలియదు. కనుక అవి కనిపించిన ప్రతిచోటా వాటిని తీసి సంవత్సరం వేయండి. "2023 నుంచి" అన్న మాట పదేళ్ల తర్వాత చదివినా చెడదు.

రెండో పని: క్రియలను సరైన కాలంలో నిలపండి

తెలుగులో ఈ పనికి సాధారణంగా రెండు రూపాలు చాలు. ముగిసిన పనికి "పనిచేశారు", సాగుతున్న పనికి "పనిచేస్తున్నారు". ఈ రెండింటినీ కలిపేసినప్పుడే చిక్కు వస్తుంది. "గత ముప్ఫై ఏళ్లుగా కృషి చేశారు" అనే వాక్యాన్ని మళ్లీ చదవండి. "ఏళ్లుగా" అన్నది పని నేటికీ సాగుతోందని చెబుతోంది, "చేశారు" అన్నది ముగిసిందని చెబుతోంది. పని సాగుతుంటే "ఏళ్లుగా చేస్తున్నారు" అనాలి, ముగిస్తే "ముప్ఫై ఏళ్ల పాటు చేశారు" అనాలి. ఆమె పదవీ విరమణ చేశారు కాబట్టి రెండోదే సరైనది. ఏళ్ల లెక్క బదులు "1993 నుంచి 2023 వరకు" అంటే ఇంకా గట్టిగా ఉంటుంది.

వర్తమానంలో రాసిన పదవి విషయంలో నాకొకసారి జరిగిన పొరపాటు చెబుతాను. ఒక వక్త పంపిన పాత పేరాను నమ్మి, ఆయన ఒక సంస్థకు అధ్యక్షులుగా "వ్యవహరిస్తున్నారు" అని అచ్చు వేయించాను. ఆయన ఆ పదవిని వదిలి ఏడాది దాటింది. కొత్త అధ్యక్షులు ఆ సాయంత్రం సభలో ముందు వరుసలోనే కూర్చుని ఉన్నారు. వ్యాఖ్యాత ఆ వాక్యం చదవగానే వేదిక మీద ఉన్న వక్త తల దించుకున్నారు. ఆ రోజు నుంచి, "ఉన్నారు", "వ్యవహరిస్తున్నారు" అని ఉన్న ప్రతి పదవి గురించీ ఫోనులో విడిగా అడుగుతున్నాను.

మూడో రూపమొకటి ఉంది, దాన్ని జాగ్రత్తగా చూడాలి. "అవగాహన కల్పిస్తారు", "శిక్షణ ఇస్తారు" అనే రూపం అలవాటుగా చేసే పనికీ, ఇకముందు చేయబోయే పనికీ ఒకటే. మామూలు వ్యాసంలో సందర్భాన్ని బట్టి అర్థం తెలిసిపోతుంది. ఆహ్వాన పత్రికలో మాత్రం అన్నీ జరగబోయేవే కాబట్టి "రైతులకు నల్ల తామర పురుగుపై అవగాహన కల్పిస్తారు" అన్న మాటను, ఆ సాయంత్రం సభలోనే ఆ పురుగు గురించి చెబుతారని పాఠకులు అర్థం చేసుకుంటారు. ఆమె ఉపన్యాస విషయం వేరు. ఫోనులో అడిగితే, 2021లో మిరపను నల్ల తామర పురుగు ఆశించినప్పుడు ఊరూరా రైతులకు శిక్షణ ఇచ్చిన బృందంలో తాను ఒకరినని చెప్పారు. అది ముగిసిన పని, "ఇచ్చిన బృందంలో ఒకరు" అనాలి. పదవీ విరమణ తర్వాత తెనాలి చుట్టుపక్కల రైతులకు ఇస్తున్న సలహాలు వేరే సంగతి, అవి నేటికీ సాగుతున్నాయి కనుక "ఇస్తున్నారు" అనాలి. పరిచయంలో "ఇస్తారు" అన్న రూపం కనబడితే ఈ రెండింటిలో ఏదో ఒకటిగా మార్చేయండి.

ఇక "పూర్తిచేసి, చేరి" అనే గొలుసు. "చేసి", "చేరి" అన్న రూపాలకు సొంత కాలం లేదు, చివరి క్రియ కాలమే వాటికి వర్తిస్తుంది. కానీ వాటిలో ఒక వరుస ఉంటుంది, ముందు చెప్పిన పని ముందు జరిగినట్టే వింటాము. "పీహెచ్.డి. పూర్తిచేసి, ఉద్యోగంలో చేరి" అంటే డాక్టరేట్ వచ్చాకే ఉద్యోగం వచ్చిందని అర్థం. ఆమె విషయంలో అది పదకొండేళ్ల తేడాతో తలకిందులుగా ఉంది. వరుస నిజమని తేలినప్పుడే ఈ గొలుసు వాడండి, అనుమానముంటే వాక్యాన్ని అక్కడ ముగించి కొత్తది మొదలుపెట్టండి.

మూడో పని: ప్రథమ పురుష, గౌరవం

"నేను రాసిన అనేక వ్యాసాలు" అన్న వాక్యం పేరా మధ్యలో ఎలా వచ్చిందో ఊహించవచ్చు. సహోద్యోగులు రాసిన పేరాలో ఆమె తర్వాత ఒక వాక్యం కలిపారు. "నేను", "నా", "మా" అన్న మాటల కోసం ఒకసారి, క్రియల చివర "-ను", "-ము" కోసం ఇంకోసారి పేరా మొత్తం వెతకండి. "మా కళాశాల", "మా ఊరు" అన్నవి చాలామంది కంటికి దొరకవు. "నా" తీసిన చోట "తన" పెట్టేముందు ఆలోచించండి. ఆ వాక్యానికి కర్త వక్తే అయితే "తన" సరిపోతుంది, వ్యాసాలో పుస్తకమో కర్త అయితే "ఆమె రాసిన" అనాలి.

గౌరవం సంగతి కొంచెం సున్నితమైనది. "శ్రీమతి", "డాక్టర్", "గారు" మూడూ ఒకే పేరు చుట్టూ అక్కర్లేదు. "చేశారు" అన్న క్రియలోనే గౌరవం ఉంది. అచ్చులో "డాక్టర్" ఒక్కటి ఉంచండి, వేదిక మీద వ్యాఖ్యాత "గారు" తప్పక కలుపుతారు. అయితే ఈ గౌరవ క్రియకు ఒక లోపముంది, అది ఆడ మగ తేడా చెప్పదు. ఇద్దరికీ పెట్టే పేరున్న ఒక వక్త పరిచయంలో నేను "ఆమె" అన్న మాట ఒక్కసారి కూడా వాడలేదు. క్రియలన్నీ "చేశారు", "రాశారు" అనే ఉన్నాయి. చదివే వ్యాఖ్యాత ఆవిడను ఎన్నడూ చూడలేదు కాబట్టి, చివర సొంతంగా "ఆయనను వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను" అనేశారు. తప్పు నాదే. రెండో వాక్యంలోనే "ఆమె" లేదా "ఆయన" తప్పకుండా రావాలి. ఆ తర్వాత ఒకటి రెండు చోట్ల తప్ప కర్తను వదిలేసినా తెలుగులో వాక్యం చక్కగా నిలుస్తుంది.

నాలుగో పని: జాబితాలు

నిజానికి ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే. ఆమె పేరాలోని పెద్ద జాబితాను చూడండి: మిరప, పత్తి, తెగుళ్లు, పురుగుల నివారణ, రైతు శిక్షణ, ప్రసంగాలు. వీటిలో రెండు పంటలు, ఒకటి సమస్య, ఒకటి పరిష్కారం, మిగిలిన రెండూ పనులు. వీటన్నింటికీ చివర "రంగాల్లో కృషి" అని తగిలించడంతో, ఆమె తెగుళ్ల కోసం కృషి చేసినట్టు అర్థం వస్తోంది. జాబితాలోని ప్రతి అంశాన్నీ విడదీసి చివరి మాటలతో కలిపి చదవండి: "మిరప రంగంలో కృషి", "తెగుళ్ల రంగంలో కృషి". ఏది పొసగకపోతే అది ఆ జాబితాలోది కాదు.

తెగుళ్లకూ పురుగులకూ రెండింటికీ నివారణ చెప్పాలనుకుంటే "తెగుళ్లు, పురుగుల నివారణ" కాదు, "తెగుళ్ల, పురుగుల నివారణ" అనాలి. ఒక్క ఉకారం పోవడంతో, రెండు మాటలూ నివారణకే చెందుతాయని స్పష్టమవుతుంది. కామాతో కాని పని మన విభక్తి చేస్తుంది. ఇక్కడైతే రైతులకు బాగా తెలిసిన "సస్యరక్షణ" అన్న మాట ఆ రెండింటినీ కలుపుకుంటుంది, అందుకే చివరికి దాన్నే తీసుకున్నాను. అలా మొదటి నాలుగు అంశాలు "మిరప, పత్తి పంటల సస్యరక్షణ" అన్న నాలుగు మాటల్లో ఇమిడిపోయాయి.

జాబితా చివర "మరియు" అక్కర్లేదు. "మిరప, పత్తి పంటల్లో" అంటే చాలు, లేదా "మిరపలోనూ పత్తిలోనూ" అనవచ్చు. ఇలా దీర్ఘం వచ్చినప్పుడు మధ్యలో కామా కూడా అవసరం లేదు. "మొదలైన", "తదితర", "వంటి" అన్న మాటల్లో ఏదో ఒకటే వాడాలి, దాని ముందు కామా ఉండకూడదు. పైగా జాబితాలో చెప్పనివి ఇంకా నిజంగా ఉంటేనే అది రావాలి. మూడు చెప్పి "మొదలైన" అంటే నాలుగోది ఏదని అడిగినప్పుడు వక్త చెప్పగలగాలి.

పట్టాల విషయంలో కామా రెండు రకాల పని చేయాల్సి రావడం ఇంకో చిక్కు. "బాపట్లలో బి.ఎస్సీ., రాజేంద్రనగర్‌లో ఎం.ఎస్సీ., పీహెచ్.డి. చేశారు" అంటే పీహెచ్.డి. ఎక్కడిదో తేలదు. పైగా "బి.ఎస్సీ." చివర చుక్క, దాని వెంటే కామా, చదివేవారికి ఎక్కడ ఆగాలో తెలియదు. సెమికోలన్ పెడితే కాగితం మీద సరిపోతుంది గానీ, సభలో కూర్చున్నవారికి అది వినబడదు. అందుకని రెండు వాక్యాలు చేయండి: బి.ఎస్సీ. ఒకదానిలో, మిగిలిన రెండూ ఇంకోదానిలో. కళాశాల పేరు, ఊరు రాసి విశ్వవిద్యాలయం పేరు వదిలేయడం ఇక్కడ మేలు. రాజేంద్రనగర్ కళాశాల ఆమె చదివిన రోజుల్లో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం కిందే ఉండేది, రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి వెళ్లింది. ఏ పేరు రాసినా ఎవరో ఒకరికి సందేహం వస్తుంది.

జిల్లాల జాబితాకు కూడా ఇదే జాగ్రత్త పాటించాలి. పల్నాడు, బాపట్ల జిల్లాలు 2022 ఏప్రిల్ 4న ఏర్పడ్డాయి. ఆమె ఉద్యోగకాలంలో చాలా భాగం అవి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లోనివే. గడిచిపోయిన పనికి కొత్త జిల్లాల పేర్లు వరుసగా రాసే బదులు "ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో" అంటే మన ప్రాంతంలో అందరికీ అర్థమవుతుంది. "ఉమ్మడి" అన్న మాట రెండు పేర్లకూ వర్తిస్తుందా అని ఒక్క క్షణం ఆలోచించండి. ప్రకాశం జిల్లా కూడా ఆ రోజే విడిపోయింది కాబట్టి ఇక్కడ చిక్కు లేదు. ఒకదానికే వర్తించే చోట ఆ పేరును జాబితా చివరికి మార్చండి.

అయిదో పని: పొగడ్త తీసి పని చెప్పండి

"ప్రముఖ", "రైతు బాంధవురాలు", "విశేష కృషి" అన్న మాటలను ముందు కొట్టేయండి. కొట్టేసిన చోట ఖాళీ మిగిలితే, ఆ ఖాళీని నింపే వాస్తవం ఏమిటని వక్తను అడగండి. వాస్తవం దొరక్కపోతే ఆ చోటు మూసేయండి. "చిరస్మరణీయం" అన్న మాటను జీవించి ఉన్నవారికి వాడకండి. ఆ మాట మనం సంతాప సభల్లో ఎక్కువగా వింటాము, ఎదురుగా కూర్చున్న మనిషికి అది ఇబ్బంది.

"అనేక వ్యాసాలు" అంటే ఎన్ని అని అడిగితే ఆమె లెక్కపెట్టి 14 పరిశోధన పత్రాలని చెప్పారు. వాటిలో చాలావరకు ఇతరులతో కలిసి రాసినవి. "14 పత్రాలు రాశారు" అంటే తోటివారి శ్రమ కూడా ఆమె ఖాతాలో పడుతుంది, కనుక "ఒక్కరుగానో ఇతరులతో కలిసో" అని చేర్చాను. "రెండు పుస్తకాలు" అన్నవాటిలో ఒకటే 2018లో వెలువడింది, రెండోది ఇంకా రాతప్రతిగా ఉంది. అచ్చు కాని పుస్తకాన్ని పరిచయంలో లెక్కించకండి. "రాస్తున్నారు" అని ఒకసారి అచ్చయిందంటే, ఏళ్ల తరబడి రాస్తూనే ఉన్నట్టు మిగిలిపోతుంది.

"పలు పురస్కారాలు" అడిగితే రెండు తేలాయి. ఒకటి గణతంత్ర దినోత్సవాన ఇచ్చిన ప్రశంసాపత్రం, రెండోది ఒక ఊళ్లో రైతులు శాలువా కప్పి చేసిన సన్మానం. ప్రశంసాపత్రం, సన్మానం, పురస్కారం మూడూ వేరు. శాలువాను పురస్కారంగా రాస్తే ఆ ఊరి రైతుల ఆప్యాయతకు కూడా న్యాయం జరగదు. ఏది వచ్చిందో ఆ పేరుతోనే రాయండి, లేదా వదిలేయండి.

వినయం పేరుతో పనిని తగ్గించడం కూడా తప్పే. "ఏదో తమవంతు చిన్న ప్రయత్నం చేశారు" అన్న వాక్యం వాస్తవమూ కాదు, వినయమూ కాదు. ముప్ఫై ఏళ్లు పనిచేశారంటే ముప్ఫై ఏళ్లు అనే రాయాలి.

చివరి పాఠం

ఇవన్నీ దిద్దిన తర్వాత పేరా ఇలా వచ్చింది:

"డాక్టర్ (పేరు) మిరప, పత్తి పంటల సస్యరక్షణపై పరిశోధన చేసిన వ్యవసాయ శాస్త్రవేత్త. ఆమె బాపట్ల వ్యవసాయ కళాశాలలో బి.ఎస్సీ. చదివారు. ఎం.ఎస్సీ., పీహెచ్.డి. పట్టాలను హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ కళాశాల నుంచి పొందారు. 1993లో ఉద్యోగంలో చేరి, 2023లో పదవీ విరమణ చేసేవరకు ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పనిచేశారు. 2021లో మిరపను నల్ల తామర పురుగు ఆశించినప్పుడు ఊరూరా రైతులకు శిక్షణ ఇచ్చిన బృందంలో ఆమె ఒకరు. ఒక్కరుగానో ఇతరులతో కలిసో 14 పరిశోధన పత్రాలు ప్రచురించారు. మిరప సాగుపై ఆమె రాసిన పుస్తకం 2018లో వెలువడింది. ఒక ప్రశంసాపత్రం అందుకున్నారు. 2023 నుంచి తెనాలిలో ఉంటూ, మిరప రైతులకు సస్యరక్షణపై సలహాలు ఇస్తున్నారు."

దీన్ని పైకి రెండుసార్లు చదవండి. మొదటిసారి ఊపిరి ఎక్కడ అందలేదో చూడండి, రెండోసారి క్రియలు మాత్రమే వరుసగా చదవండి: చదివారు, పొందారు, పనిచేశారు, ప్రచురించారు, వెలువడింది, అందుకున్నారు, ఇస్తున్నారు. వర్తమానం చివర ఒక్కచోటే ఉంది, అది నిజంగా నేడు సాగుతున్న పనికే ఉంది.

ఆ తర్వాత వక్తకు పంపి, "సరే" అన్న జవాబు వచ్చేదాకా ప్రెస్సుకు ఇవ్వకండి. ఆమెకు పంపిన గంటలో ఫోను వచ్చింది.

"మాస్టారూ, అంతా బాగుంది గానీ ఆ ప్రశంసాపత్రం మాట తీసేయండి. దాని మీద ఉన్నది నా పేరే అయినా, ఆ ఏడాది మా కార్యాలయంలో అందరం కలిసి చేసిన పనికి ఇచ్చారది."

"అలాగే మేడమ్, తీసేస్తాను. 14 పత్రాల లెక్క సరిగ్గానే ఉందా?"

"ఉంది, ఇవాళ మళ్లీ లెక్కపెట్టాను."

ప్రశంసాపత్రం వాక్యం తీసేసి, ఫైలు పేరులో ఆ రోజు తేదీ వేసి, గుంటూరు అరండల్‌పేటలోని ప్రెస్సుకు పంపాను.